సంతకం పడ్డాక సవరణ చెల్లుతుందా? మణికొండ తీర్పు చెప్పిన అసలు సంగతి

హైదరాబాద్: మణికొండ పేరు ఎత్తగానే మన ఇళ్లలో ఇప్పటికీ ఒకటే మాట వినిపిస్తుంది. "1,654 ఎకరాల దర్గా భూమి పోయింది." 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి వేదికల మీద చాలా మాట్లాడారు, వాట్సాప్‌లో చాలా పంచుకున్నారు. జాగీర్ రద్దయ్యాక ఆ భూమి ప్రభుత్వానిదే అయిందని కోర్టు చెప్పిన సంగతి అందరికీ తెలుసు. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది. దాని మీద పెద్దగా చర్చ జరగలేదు. వక్ఫ్ బోర్డు ఆ భూమిని తన జాబితాలోకి తెచ్చుకున్న పద్ధతే చెల్లదని కోర్టు చెప్పింది. ఆ ముక్క ఒక్క వక్ఫ్ బోర్డుకే సంబంధించింది కాదు. పట్టా భూమి ఉన్న ప్రతి కుటుంబానికీ, ముతవల్లీలకూ, ప్రభుత్వ ఆఫీసు ఉత్తర్వు మీద ఆధారపడి బతికే వాళ్లకూ సంబంధించిన విషయం అది.

ముందు జరిగిందేమిటో చూద్దాం. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాను వక్ఫ్ ఆస్తిగా చూపుతూ 1989 ఫిబ్రవరి 9న గెజిట్ నోటిఫికేషన్ వచ్చింది. అందులో దర్గా విస్తీర్ణం 5,506 చదరపు గజాలు. అంటే ఎకరం అయిదున్నర గుంటలు. పదిహేడేళ్లు గడిచాయి. ఈలోగా ఆ చుట్టుపక్కల భూముల్ని ప్రభుత్వం పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థ ద్వారా పెద్ద పెద్ద సంస్థలకు కేటాయించేసింది. అప్పుడు, 2006 మార్చి 13న, వక్ఫ్ బోర్డు ఇంకో నోటిఫికేషన్ ఇచ్చింది. దాని పేరు 'ఎర్రాటా', అంటే తప్పొప్పుల సవరణ. పాత నోటిఫికేషన్‌లో రాయడం మరిచిపోయామంటూ ఆ సవరణలో చేర్చిన భూమి 1,654 ఎకరాల 32 గుంటలు.

ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. మీ వివాదాన్ని వక్ఫ్ ట్రిబ్యునల్‌లో తేల్చుకోండని 2012లో హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్‌ల బెంచ్ ఆ తీర్పును పక్కనపెట్టి ఎర్రాటాను కొట్టేసింది. ఈ అంశంపై కోర్టు వాదన తిప్పలు లేకుండా సూటిగా ఉంది. ఎర్రాటా అనేది పొరపాటు దిద్దడానికి. లెక్క తప్పో, రాత తప్పో ఉంటే దిద్దుకోవచ్చు. దాన్ని అడ్డం పెట్టుకుని అసలు నోటిఫికేషన్ పరిధినే పెంచడం కుదరదు. ఒక ఆస్తి వక్ఫా కాదా అని విచారణ జరిపి తేల్చే అధికారం 1995 చట్టంలోని 40వ సెక్షన్ కింద బోర్డుకు అప్పట్లో ఉంది. నోటీసులు ఇచ్చి, అవతలి పక్షం మాట విని, కారణాలు రాసి నిర్ణయం తీసుకునే దారి అది. బోర్డు ఆ దారిన నడవకుండా సవరణ అనే పక్క తలుపు గుండా లోపలికి వచ్చింది.

భూమి ఎవరిదన్న ప్రశ్నలో కోర్టు చెప్పింది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఈనాం, మష్రూత్-ఉల్-ఖిద్మత్, ముంతఖబ్ లాంటి పాత కాగితాల మీద ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న విషయం అది. సవరణ పద్ధతి విషయంలో మాత్రం తప్పు బోర్డుదే. చేతిలో సరైన దారి ఉండగా దగ్గర దారి పట్టినందుకు దర్గా తరఫు వాదన ఒక కాలు విరిగినట్టే కోర్టు ముందు నిలబడింది.

పని ముగిసిన అధికారి

దీని వెనక ఉన్న సూత్రానికి న్యాయశాస్త్రంలో ఒక లాటిన్ పేరుంది: ఫంక్టస్ అఫిషియో. తన పని పూర్తి చేసేసినవాడు అని దాని అర్థం. ఒక వివాదాన్ని తేల్చమని చట్టం ఒక అధికారికి అప్పగిస్తుంది. ఆయన ఇరు పక్షాల మాట వింటాడు, ఉత్తర్వు ఇస్తాడు. అంతటితో ఆ ఫైలు మీద ఆయన అధికారం అయిపోయింది. రేపు మనసు మారినా, పై నుంచి ఫోన్ వచ్చినా, కొత్త వాదన వినిపించినా, అదే కుర్చీలో కూర్చుని అదే ఉత్తర్వును తిరగరాసే వీలు ఆయనకు లేదు. తప్పు ఉంటే దిద్దాల్సింది పై అధికారి, లేదా కోర్టు.

తన ఉత్తర్వును తానే మళ్లీ విచారించడాన్ని రివ్యూ అంటారు. ఈ అధికారం పుట్టుకతో వచ్చేది కాదని, చట్టం ఆ మాట నేరుగా చెప్పాలని, లేదంటే చట్టం రాసిన తీరులోంచి అది తప్పనిసరిగా తేలాలని 1970లో పటేల్ నర్షీ ఠాకర్షీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సౌరాష్ట్ర భూసంస్కరణల చట్టం కింద వచ్చిన తగాదా అది. అప్పటి నుంచి తహసీల్దార్ నుంచి ట్రిబ్యునల్ దాకా ఈ గీటురాయి మీదే కోర్టులు కొలుస్తున్నాయి. సుప్రీంకోర్టుకు కూడా తన తీర్పును తాను రివ్యూ చేసుకునే అధికారం రాజ్యాంగంలోని 137వ అధికరణ రాసిచ్చినందువల్లే ఉంది. అయోధ్య తీర్పుపై 2019 డిసెంబరులో వేసిన రివ్యూ పిటిషన్లు ఆ అధికరణ కిందివే. అవి విచారణకు రాకుండానే కొట్టివేతకు గురయ్యాయన్నది మనకు తెలిసిందే.

మరి పని ఎప్పుడు ముగిసినట్టు? ఫైలులో సంతకం పడగానే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. 1962లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పాత పెప్సూ రాష్ట్రంలో ఒక రెవెన్యూ ఉద్యోగిని రికార్డులు మార్చాడని తొలగించారు. ఆయన అప్పీలు చేసుకుంటే, శరణార్థి, పెద్ద కుటుంబం ఉన్నవాడు కాబట్టి తొలగింపు వద్దు, కింది హోదాకు దించితే చాలని రెవెన్యూ మంత్రి ఫైలులో రాశారు. ఆ మాట ఉద్యోగికి ఉత్తర్వుగా అందకముందే పెప్సూ పంజాబ్‌లో కలిసిపోయింది. కొత్త ముఖ్యమంత్రి తొలగింపునే ఖాయం చేశారు. మంత్రి రాత ఒకసారి పడ్డాక మార్చడం కుదరదని ఆ ఉద్యోగి వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఫైలులో రాసింది ఆ మంత్రి అభిప్రాయం మాత్రమే, సరైన రూపంలో ఉత్తర్వుగా వెలువడి సంబంధిత వ్యక్తికి తెలియజేసేదాకా దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు అని తేల్చింది.

"సార్ సంతకం పెట్టేశారు, ఇక మీ పని అయిపోయినట్టే" అని ఆఫీసు మెట్ల దగ్గర చెప్పే మాటకు ఎంత విలువ ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. చేతికి కాగితం రావాలి.

ఒక కుటుంబం, నాలుగు వాటాలు

సూత్రం వినడానికి తేలిగ్గానే ఉంటుంది. చిక్కంతా ఫలానా మార్పు దిద్దుబాటా, రివ్యూనా అని గుర్తుపట్టడంలో ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం.

ఒక ఊళ్లో 3 ఎకరాల 8 గుంటల పట్టా ఉన్న పెద్దాయన ఇంతికాల్ అయ్యారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. షరియత్ ప్రకారం పంచుకుంటామని అందరూ ఒప్పుకుని వారసత్వ మార్పు కోసం దరఖాస్తు పెట్టారు. భూమి మొత్తం 128 గుంటలు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 16 గుంటలు. మిగిలిన 112 గుంటల్లో కొడుకుకు 56, కూతుళ్లకు చెరో 28. తహసీల్దార్ నోటీసులిచ్చి, అందరి వాంగ్మూలాలు తీసుకుని, మార్చి 10న ఉత్తర్వు ఇచ్చాడు. నకళ్లు అందరికీ అందాయి.

నెల తర్వాత కొడుకు ఒక కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లకు తండ్రి ఇచ్చిన సొమ్ములోనే వాళ్ల వాటా ముట్టిందని, మొదటి ఉత్తర్వులో ఆ సంగతి రాయలేదని అందులో ఉంది. ఏప్రిల్ 12న 'సవరణ ఉత్తర్వు' వచ్చింది. కూతుళ్ల పేర్లు పోయాయి, కొడుకు పేరున 112 గుంటలు చేరాయి.

పైన పేరు సవరణే అయినా ఇది సవరణ కాదు. పెళ్లిలో ఇచ్చిన సొమ్ము వాటాకు బదులా కాదా అన్నది సాక్ష్యం తీసుకుని తేల్చాల్సిన కొత్త ప్రశ్న. మొదటి ఉత్తర్వులో తహసీల్దార్ చెప్పదలచుకున్నది ఒకటి, టైపులో పడింది మరొకటి అయితే అది దిద్దుబాటు. ఇక్కడ చెప్పదలచుకున్నదే మారిపోయింది. పైగా కూతుళ్లకు నోటీసు కూడా లేదు. మణికొండలో 5,506 గజాలు 1,654 ఎకరాలైనట్టే ఇక్కడ 56 గుంటలు 112 అయ్యాయి. రెండు చోట్లా జరిగింది ఒకటే.

ఇప్పుడు అదే కథను కొంచెం మార్చి చూద్దాం. మార్చి 10 ఉత్తర్వులో ఒక కూతురి వాటా 28కి బదులు 82 అని పడింది. వాటాలన్నీ కూడితే 182 గుంటలు వస్తాయి, భూమి ఉన్నది 128. తప్పు ఉత్తర్వులోనే కళ్లకు కనిపిస్తోంది, దిద్దడానికి ఎవరి వాదనా వినక్కర్లేదు, తహసీల్దార్ ఉద్దేశం మీద ఎవరికీ అనుమానం లేదు. ఇలాంటిది ఆయనే దిద్దొచ్చు, దిద్దాలి కూడా.

ఇంకో రకం. ఒక కూతురు దమ్మాంలో ఉంది. నోటీసు ఆమె పాత అత్తగారింటి చిరునామాకు వెళ్లి తిరిగొచ్చింది. ఆమె మాట వినకుండానే ఉత్తర్వు అయిపోయింది. ఆమె వచ్చి, "నా మాట వినలేదు, ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుని మళ్లీ వినండి" అని అడగొచ్చు. ఇది కూడా పైకి రివ్యూలాగే కనిపిస్తుంది కానీ స్వభావం వేరు. నిర్ణయం తప్పని కాదు, నిర్ణయానికి చేరిన దారి తప్పని ఆమె వాదన. 1980లో గ్రిండ్లేస్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే విడమర్చి చెప్పింది. వాయిదా నాడు ఒక పక్షం హాజరు కాలేకపోవడంతో పారిశ్రామిక ట్రిబ్యునల్ ఏకపక్షంగా అవార్డు ఇచ్చింది. తర్వాత దాన్ని తానే రద్దు చేసి మళ్లీ విచారణకు తీసుకుంది. చట్టంలో ఆ మాట లేదు కదా అని బ్యాంకు అంటే, ఒకరి మాట వినకపోవడం లాంటి విధానపు లోపాన్ని సరిచేసే అధికారం ప్రతి ట్రిబ్యునల్‌కూ సహజంగానే ఉంటుందని కోర్టు చెప్పింది. అదే కేసులో ఒక గడువు సంగతి కూడా ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టంలో అవార్డు ప్రచురించిన 30 రోజులకు అది అమలులోకి వస్తుంది. ఆ 30 రోజుల లోపు దరఖాస్తు పడింది కాబట్టి ట్రిబ్యునల్ పని ఇంకా ముగిసిపోలేదని కోర్టు లెక్కగట్టింది. అందుకే దమ్మాంలోని కూతురు తెలిసిన వెంటనే దరఖాస్తు పెట్టాలి, వచ్చే సెలవుల దాకా ఆగకూడదు.

మరోటి మోసం. కొడుకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఒక చెల్లెలి పేరే లేకుండా చేసి ఉత్తర్వు తెచ్చుకున్నాడనుకుందాం. మోసంతో తెచ్చుకున్న ఉత్తర్వును వెనక్కి తీసుకునే శక్తి లేని కోర్టు గానీ ట్రిబ్యునల్ గానీ ఉండదని 2000లో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మోసం అని ఆరోపిస్తే సరిపోదు, అవతలివాడికి నోటీసిచ్చి, అతని మాట విని, ఆధారాలతో తేల్చాలి. 'మోసం' అనే మాట రాసేసి రాత్రికి రాత్రి ఉత్తర్వు మార్చే ఆఫీసులు కూడా ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త రెండు వైపులా అవసరం.

ఆఖరుగా, తహసీల్దార్ అందరికీ సమానంగా 32 గుంటలు పంచేశాడనుకుందాం. వాటాల లెక్క తప్పు, చట్టం తప్పుగా అర్థం చేసుకున్నాడు. ఆయనకే ఆ తప్పు తెలిసింది, దిద్దాలని కూడా ఉంది. అయినా దిద్దలేడు! ఎందుకంటే అది టైపు పొరపాటు కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. దానికి అప్పీలు ఒక్కటే దారి. మంచి మనసుతో చేసే రివ్యూ అయినా చట్టం ఇవ్వని అధికారాన్ని తెచ్చిపెట్టదు. అందరూ రాజీగా ఒప్పుకున్నా కూడా అంతే.

గడువు దగ్గరే దెబ్బ

న్యాయవాదుల దగ్గరికి ఆలస్యంగా వచ్చే కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఒకటుంది. ఉత్తర్వు తప్పుగా వచ్చింది. ఆఫీసులో ఎవరో, "అప్పీలు ఎందుకు, ఇక్కడే ఒక దరఖాస్తు ఇవ్వండి, సార్ చూస్తారు" అన్నారు. దరఖాస్తు ఇచ్చారు. మూడు నెలలు తిరిగారు. చివరికి, "మాకు రివ్యూ అధికారం లేదు" అని జవాబు వచ్చింది. ఈలోగా అప్పీలు గడువు దాటిపోయింది. గడువు మొదటి ఉత్తర్వు నుంచే నడుస్తుంది, లేని అధికారం ముందు పెట్టిన దరఖాస్తు కోసం అది ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని వేరే వేడుకోలు పెట్టాలి, అది మన్నిస్తారో లేదో చెప్పలేం.

తెలంగాణలో ఈ విషయం ఇప్పుడు ఇంకా ముఖ్యం. ధరణి కాలంలో 2020 చట్టం రెవెన్యూ కోర్టుల్ని ఎత్తేసింది. తహసీల్దార్ ఉత్తర్వు మీద పైకి వెళ్లే దారి మూసుకుపోయి, జనం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2025 భూభారతి చట్టం అప్పీలు దారిని మళ్లీ తెరిచింది. దారి ఉన్నప్పుడు దాన్ని గడువులో వాడుకోవాలి. ఆఫీసులో వినతి పెట్టడం మానక్కర్లేదు, కానీ అప్పీలు దాని కోసం ఆపకూడదు.

రెండో ఉత్తర్వు చేతికొస్తే ముందు చూడాల్సింది అది ఏ సెక్షన్ కింద ఇచ్చారన్నది. సెక్షన్ పేరే లేకుండా 'పునఃపరిశీలన మీదట', 'సవరణ నిమిత్తం' అని మాత్రమే ఉంటే అనుమానించాలి. సెక్షన్ ఉంటే అది పై అధికారికి ఇచ్చిన అధికారమా, ఇదే అధికారికి ఇచ్చిందా చూడాలి. పై అధికారి కింది ఉత్తర్వును తిరగదోడేది రివిజన్, అది వేరు. ఈ రెండు పేర్లూ ఆఫీసు కాగితాల్లో తరచూ కలిసిపోతుంటాయి. తర్వాత, రెండు ఉత్తర్వుల ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి, మధ్యలో నోటీసు వచ్చిందో లేదో రాసిపెట్టుకోవాలి. అధికారం లేకుండా ఇచ్చిన ఉత్తర్వు కదా, పట్టించుకోనక్కర్లేదు అని ఇంట్లో పడేస్తే మాత్రం ప్రమాదం. దాని ఆధారంగానే రికార్డు మారుతుంది, పాసుబుక్కు వస్తుంది, భూమి చేతులు మారుతుంది. కొట్టేయించేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఇదంతా ఇరు పక్షాల హక్కులు తేల్చే ఉత్తర్వుల సంగతి. ప్రభుత్వం ఇచ్చే మామూలు పాలనా ఉత్తర్వులు, నోటిఫికేషన్లు అలా కాదు. బదిలీలు, పథకాల మార్గదర్శకాలు, సెలవు దినాల ప్రకటనలు ఇచ్చిన చేత్తోనే మార్చుకోవచ్చు. జనరల్ క్లాజెస్ చట్టంలోని 21వ సెక్షన్ ఆ వీలు ఇస్తోంది. వివాదం విని తేల్చిన ఉత్తర్వులకు మాత్రం ఆ సెక్షన్ పనికిరాదని, రాజకీయ పార్టీల రిజిస్ట్రేషన్ రద్దుపై 2002లో వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసులు తరచూ దీన్ని ఢాలులా వాడుకుంటాయి కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు ముతవల్లీల ముందున్నది

మణికొండ నాటికి బోర్డు చేతిలో ఉన్న 40వ సెక్షన్ ఇప్పుడు లేదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం దాన్ని తీసేసింది. అంటే జాబితాలో రాయకుండా వదిలేసిన భూమిని తర్వాత విచారణ జరిపి చేర్చుకుందామంటే, బోర్డుకు అప్పట్లో ఉన్న ఆ దారి కూడా ఇప్పుడు మూసుకుపోయింది. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో ముతవల్లి వివరాలు నింపితే, జిల్లా స్థాయిలో సరిచూసి, బోర్డు స్థాయిలో ఆమోదించే పద్ధతి ఉంది. ఆమోదానికి ముందు తేలే తప్పు దిద్దుకోవచ్చు. ఆమోదం అయ్యాక, అసలు విస్తీర్ణమే తక్కువ రాశాం, సర్వే నంబరు వదిలేశాం అంటే, ఎదురుగా ప్రభుత్వమో ప్రైవేటు వ్యక్తో ఉన్నప్పుడు ఎర్రాటాకు జరిగిందే మళ్లీ జరుగుతుంది.

అందుకని గెజిట్ కాపీ, సర్వే రిపోర్టు, ముంతఖబ్ ఉంటే ముంతఖబ్, రెవెన్యూ రికార్డు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, గజాలు, గుంటలు, ఎకరాలు విడివిడిగా కూడి చూసుకుని నింపాలి. గెజిట్‌లో ఒక విస్తీర్ణం, ముంతఖబ్‌లో ఇంకో విస్తీర్ణం కనిపిస్తే, ఆ తేడాను ఆమోదానికి ముందే రాతపూర్వకంగా బోర్డు దృష్టికి తెచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని ఆ కాపీ దాచుకోవాలి. హుస్సేన్ షా వలీ దర్గా విషయంలో 1989కీ 2006కీ మధ్య పదిహేడేళ్లు దొరికాయి. అప్పుడు ఆ పని ఎవరూ చేయలేదు.